ఏసీ బెడ్‌రూం గోడకు ఇన్సులేషన్ వేయించాక నెమ్ము ఎందుకు మొదలైంది?

"సార్, మాది విశాఖ లాసన్స్ బే కాలనీలో ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్, కింద స్టిల్ట్ పార్కింగ్. తూర్పు గోడ ఎండకు కాలిపోతోందని బెడ్‌రూం లోపలి వైపు జీఐ ఛానెల్ కొట్టించి, 30 మి.మీ. థర్మోకోల్, దాని మీద అల్యూమినియం ఫాయిల్, జిప్సం బోర్డు వేయించాం. ఏడాది తిరగకుండానే స్కర్టింగ్ దగ్గర బోర్డు మెత్తబడింది, బూజు వాసన. పెయింటర్ వాన నీరు అంటున్నాడు, కానీ మే నెలలో వాన లేకపోయినా ఇంతే. పైగా మా బెడ్‌రూం కింద పార్కింగ్ శ్లాబుకు నల్లటి మరక వచ్చింది. బాత్రూం లీకు అని అసోసియేషన్ వాళ్ల గొడవ. పిల్లలు ఏసీ 20లో పెడతారు. తప్పు ఎక్కడ జరిగింది? మొత్తం పీకేయాలా?"

మొత్తం పారేయక్కర్లేదు, విప్పి పొరల వరుస మార్చి మళ్లీ వేస్తే చాలు. కానీ ఆ ఫాయిల్ మాత్రం పోవాలి. మీ కాంట్రాక్టర్ పని బాగానే చేసి ఉంటాడు, పొరల వరుస మాత్రం చలి దేశాలది. ఇదే తప్పు నేను కూడా ఒకసారి చేశాను. చాలా ఏళ్ల కిందట కాకినాడలో ఒక గెస్ట్ హౌస్‌కి, ఒక యూరప్ మాన్యువల్ చూసి, గది వైపు పాలిథీన్ షీటు వేయించాను. రెండో వేసవికి ప్లైవుడ్ ఉబ్బింది. ఓనరు నన్ను పిలిచి, బోర్డు వెనక చెయ్యి పెట్టి చూడమన్నాడు. చెయ్యి తడిసి బయటికొచ్చింది. అప్పటి నుంచి ఏ గోడ చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఇక్కడ ఆవిరి ఎటు నుంచి ఎటు పోతోంది?

చలి దేశంలో ఇల్లు లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది. ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి దాన్ని ఆపే పొర గది వైపు వేస్తారు. మన దగ్గర ఏసీ గది చల్లగా, పొడిగా ఉంటుంది, బయట సముద్రపు గాలి. ఆవిరి బయటి నుంచి లోపలికి తోసుకొస్తుంది. గది వైపు ఫాయిల్ వేస్తే ఆవిరి గోడంతా దాటుకుని వచ్చి, సరిగ్గా అన్నిటికంటే చల్లటి చోట గుమ్మం మూసేసినట్టు ఆగిపోతుంది.

ఇది అంచనా కాదు, లెక్క వేసి చూద్దాం. మే నెల చివర్లో సాయంత్రం బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. తేమ 50 శాతం దాటినప్పుడు డ్యూ పాయింట్‌కి ఒక చేతిలెక్క ఉంది:

```
Td = T - (100 - RH) / 5
```

ఇక్కడ T గాలి ఉష్ణోగ్రత, RH తేమ శాతం, Td డ్యూ పాయింట్. 100 లోంచి 75 తీసి 5తో భాగిస్తే 5, 32 లోంచి 5 తీస్తే 27. అంటే ఈ బయటి గాలి 27 కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా అక్కడ నీరు కడుతుంది. ఈ 27 గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే డ్యూ పాయింట్ నేరుగానే చూపిస్తుంది, లెక్క కూడా అక్కర్లేదు.

ఇప్పుడు గోడలో ఏ పొర ఎంత చల్లగా ఉందో చూడాలి. రిమోట్‌లో 20 ఉన్నా గది 22 దగ్గర ఆగుతుందనుకుందాం. అప్పుడు బయటికీ లోపలికీ తేడా 10 డిగ్రీలు. ఈ 10 డిగ్రీలనూ పొరలు తమ తమ ఉష్ణ నిరోధాన్ని బట్టి పంచుకుంటాయి. ప్లాస్టరింగ్‌తో కలిపి తొమ్మిదంగుళాల ఇటుక గోడ నిరోధం దాదాపు 0.33, మీ థర్మోకోల్ ఒక్కటే 0.83, జిప్సం బోర్డు 0.06. గోడకు లోపలా బయటా అంటుకుని ఉండే పల్చటి గాలి పొరలు కలిపి 0.17. మొత్తం 1.4. ఇందులో సగానికి పైగా థర్మోకోల్‌దే, కాబట్టి ఉష్ణోగ్రతలో పెద్ద దిగుడు కూడా అక్కడే వస్తుంది. ఇటుక గోడ లోపలి ముఖం 29.3 డిగ్రీల దగ్గర ఉంటే, థర్మోకోల్ దాటాక ఫాయిల్ దగ్గర 23.4.

డ్యూ పాయింట్ 27, ఫాయిల్ 23.4. ఇంకేం కావాలి! ఇన్సులేషన్ వేయకముందు మీ గోడ లోపలి ముఖం 24.6 దగ్గర ఉండేది, అదీ 27 కంటే తక్కువే. కానీ అప్పుడు దాని మీద మామూలు ఎమల్షన్ పెయింటే ఉంది కాబట్టి గోడ దాటి వచ్చిన ఆవిరి గదిలోకి వచ్చేసేది, ఏసీ దాన్ని నీరు చేసి డ్రెయిన్ పైపులో వదిలేసేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఫాయిల్ లేకపోయినా, అదే గోడకు మందపాటి వినైల్ వాల్‌పేపర్ అంటించినా, మైకా వేసిన వార్డ్‌రోబ్ వెనక పలక ఆనించినా ఇదే జబ్బు వస్తుంది. హోటల్ గదుల్లో వాల్‌పేపర్ వెనక గులాబీ, నలుపు మచ్చలు చూసి ఉంటారు కదా, అవి ఇవే.

ఇక నీరు ఎంత కడుతుంది? ఇక్కడ చాలామంది ఇంజినీర్లు కూడా పొరపడతారు. ఒక్కో పొర ఆవిరిని ఎంత ఆపుతుందో, అంతే అడ్డుపడే నిశ్చలమైన గాలి మందంలో కొలుస్తాం. ఎమల్షన్ పెయింట్ 0.1 మీటరు, వినైల్ వాల్‌పేపర్ 2 మీటర్లు, ఆయిల్ పెయింట్ 3 మీటర్లు. ఫాయిల్‌కి లెక్కలో ఏకంగా 1,500 మీటర్లు రాస్తారు, అంటే పూర్తిగా మూసినట్టే. బయటి పెయింట్ నుంచి థర్మోకోల్ దాకా మీ గోడది సుమారు 4.4 మీటర్లు. ఈ అంకెలతో వేస్తే ఏసీ 24 గంటలూ నడిచినా చదరపు మీటరుకు రోజుకు 2.7 గ్రాములే. పది చదరపు మీటర్ల గోడకు రెండు టేబుల్ స్పూన్ల నీరు కూడా లేదు. "ఇంత తక్కువకు బోర్డు మెత్తబడుతుందా?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఆ లెక్క పొడి గోడకు, కదలని గాలికి వేసింది. మీ గోడ పొడిగా లేదు, గాలీ కదలకుండా లేదు.

ముందు వాన సంగతి. మీ పెయింటర్ సగం నిజం చెప్పాడు. తూర్పు గోడ సముద్రం వైపు ఉంది. రాత్రి వానకు ఇటుక నీళ్లు పీల్చుకుంటుంది. పొద్దున్నే ఎండ నేరుగా ఆ గోడ మీదే పడుతుంది. గోడ మధ్యలో తడి ఇటుక 35 డిగ్రీలకు చేరితే అక్కడ ఆవిరి ఒత్తిడి 5.6 కిలోపాస్కల్‌లు. బయటి గాలిలో ఉన్నది 3.6 మాత్రమే. అంటే అప్పుడు మీ గోడే బయటి గాలి కంటే తేమగా ఉన్నట్టు. అదే సమయంలో రాత్రంతా నడిచిన ఏసీ వల్ల ఫాయిల్ బాగా చల్లబడి ఉంది. పిల్లలు ఇంకా లేవలేదు, ఏసీ ఆపలేదు. ఆ పొద్దుటి గంటల్లో ఫాయిల్ వెనక నీరు కట్టే వేగం పొడి గోడతో పోలిస్తే ఆరు రెట్లు. వాన చుక్క గోడ దాటి లోపలికి రాలేదు, ఆవిరిగా వచ్చింది. మామూలు కండెన్సేషన్ లెక్కల్లో ఈ ఎండ, వాన రెండూ ఉండవు. అందుకే కాగితం మీద పాసైన గోడ కూడా కోస్తాలో ఫెయిలవుతుంది. ఇవన్నీ గంటగంటకూ కలిపి చూడాలంటే WUFI లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి, కానీ ఒక ఫ్లాట్ గోడకు అంత అక్కర్లేదు.

వాన లేని మే నెలలో కూడా తడి ఎందుకు? నా అనుమానం మీ ఏసీ రాగి పైపు కోసం గోడకు కొట్టిన రంధ్రం మీద. ఛానెల్ ఫ్రేము వల్ల గోడకూ థర్మోకోల్‌కూ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండి ఉంటుంది. ఆ రంధ్రం చుట్టూ నురగ సరిగ్గా నింపకపోతే బయటి గాలి నేరుగా ఆ ఖాళీలోకి వస్తుంది. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచితే ఇంకా గట్టిగా లాగుతుంది. ఆ గాలి ఒక ఘనపు మీటరు ఫాయిల్ దాకా వచ్చి చల్లబడితే 5 గ్రాముల నీరు అక్కడ వదిలేస్తుంది. గంటకు ఒక్క ఘనపు మీటరు చొప్పున వచ్చినా, పది గంటల రాత్రికి 50 గ్రాములు. మొత్తం గోడలోంచి ఇంకి వచ్చే ఆవిరి కంటే ఒక్క రంధ్రం తెచ్చేదే ఎక్కువ. నీరు ఫాయిల్ వెనక జారి కింద స్కర్టింగ్ దగ్గర చేరుతుంది. మీ బోర్డు పైన కాకుండా కిందే మెత్తబడటానికి కారణం ఇదే.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. ఏసీ రాత్రంతా నడిపి, పొద్దున ఏడు గంటలకు, స్కర్టింగ్‌కి రెండడుగులు పైన బోర్డులో ఆరంగుళాల చదరం కోయించండి. ఫాయిల్ కూడా కోసి, దాన్ని తిప్పి చూడండి. ఇటుక వైపు ముఖం మీద ఇడ్లీ పాత్ర మూత తిప్పినట్టు చుక్కలు ఉంటే బయటి ఆవిరే. గది వైపు ముఖం తడిగా ఉంటే సమస్య గది తేమది. ఫాయిల్ రెండు వైపులా పొడిగా ఉండి ఇటుక ఒక చోట మాత్రమే నానిపోయి ఉంటే, అప్పుడు కిటికీ మూలనో, డ్రెయిన్ పైపునో అనుమానించాలి. ఆ రంధ్రంలోంచి ఛానెల్ కూడా చూడండి. బోర్డు స్క్రూల మొనలు, గోడను తాకే ఛానెల్ అంచు తుప్పు పట్టి ఉంటాయి. ఇనుము థర్మోకోల్‌ని అడ్డంగా దాటుకుని గది చల్లదనాన్ని గోడ వైపు మోసుకెళ్తుంది. ఆ గీత వెంబడి గోడ ముఖం పక్క భాగం కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండటం నేను చాలాసార్లు కొలిచాను. థర్మల్ బ్రిడ్జ్ అంటే ఇదే. మచ్చలు రెండడుగుల దూరంలో నిలువు చారలుగా వస్తున్నాయంటే ఛానెళ్ల దారి పట్టాయని అర్థం.

పిన్ మాయిశ్చర్ మీటర్ తెచ్చి గుచ్చే వాళ్లను మాత్రం ఇక్కడ నమ్మకండి. సముద్రపు గాలితో గోడలోకి ఉప్పు చేరుతుంది. మీటర్ కొలిచేది విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో మాత్రమే, కాబట్టి ఉప్పున్న గోడ కాస్త తేమకే బాగా తడిగా ఉన్నట్టు చూపిస్తుంది. పైగా మామూలు ఉప్పు 75 శాతం తేమ దాటితే తనంతట తానే గాలిలోంచి నీరు లాక్కుంటుంది. మీటర్‌లో అంకె చూసి వేలకు వేలు వాటర్‌ప్రూఫింగ్‌కి పోసిన వాళ్లను చూశాను.

ఇప్పుడు పార్కింగ్ శ్లాబు. అది బాత్రూం లీకు కాదనే నా నమ్మకం, కానీ అసోసియేషన్‌కి చూపించాలంటే కారణం కావాలి. థర్మల్ బ్రిడ్జ్ లెక్కలో ఉపరితల ఉష్ణోగ్రత గుణకం అని ఒకటి ఉంది. లోపలి ముఖం గది ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది. యూరప్‌లో అది 0.7, 0.75 ఉండాలంటారు. మీ ఇన్సులేషన్ లేని పిల్లర్ దగ్గర లెక్కేస్తే, 230 మి.మీ. కాంక్రీటు లోపలి ముఖం 25.9 డిగ్రీలు, గుణకం 0.61. వాళ్ల పట్టిక ప్రకారం ఫెయిల్. నిజానికి మీ గది గాలి డ్యూ పాయింట్ 12, 13 దగ్గర ఉంటుంది. 25.9 డిగ్రీల ముఖం మీద గది గాలి నుంచి ఒక్క చుక్క కూడా రాదు. మన ఏసీ గదిలో పిల్లర్, బీము లోపలి వైపు చల్లబడవు, వెచ్చబడతాయి. కరెంటు బిల్లు పెరుగుతుంది తప్ప చెమ్మ రాదు. చెమ్మ వచ్చేది అదే కాంక్రీటు అవతలి వైపు, అంటే చల్లదనం బయటి గాలిని కలిసే చోట. మీ విషయంలో అది పార్కింగ్ పైకప్పు.

లెక్క చిన్నదే. చల్లగాలి నేలకు దిగుతుంది కాబట్టి మీ టైల్స్ దగ్గర 20 డిగ్రీలు. కింద పార్కింగ్‌లో 31 డిగ్రీలు, తేమ 80 శాతం, డ్యూ పాయింట్ మళ్లీ 27. అయిదంగుళాల శ్లాబు, టైల్స్ కింది మోర్టార్ కలిపినా కాంక్రీటు అడ్డు ఎంతో లేదు. శ్లాబు అడుగు ముఖం 27.5కి దిగుతుంది. సరిగ్గా 27 కాకపోయినా ఆ ముఖం దగ్గర తేమ 98 శాతం. బూజుకు నీటి చుక్కే అక్కర్లేదు, ఉపరితలం దగ్గర 80 శాతం తేమ కొన్నాళ్లు నిలిచి ఉంటే చాలు. పార్కింగ్‌లో తేమ 85 శాతమున్న రాత్రుల్లో డ్యూ పాయింట్ 28కి చేరుతుంది, అప్పుడు నిజంగానే చుక్కలు రాలతాయి.

మరక ఆకారం చూస్తే లీకు కాదని తెలిసిపోతుంది. బాత్రూం లీకైతే పైపు చుట్టూ మొదలై బయటికి పాకుతుంది, అంచున తెల్లటి ఉప్పు గీత ఉంటుంది. మీది బెడ్‌రూం నేల ఆకారంలో చదరంగా, ఏసీ గాలి నేరుగా తగిలే మూల ఎక్కువ నల్లగా, బీముల దగ్గర తక్కువగా ఉంటుంది. బీము లోతు ఎక్కువ కాబట్టి దాని అడుగు అంత చల్లబడదు. ఇంకా తేలికైన పరీక్ష: వారం రోజులు ఆ గదిలో ఏసీ ఆపి, బాత్రూం మాత్రం మామూలుగా వాడండి. శ్లాబు ఆరిపోతే సాక్ష్యం అదే. అసోసియేషన్ సెక్రటరీని మొదటి రోజూ చివరి రోజూ పిలిచి ఫొటో తీయించండి, లేకపోతే మళ్లీ గొడవే.

ఇక మరమ్మతు. గోడ బోర్డులు విప్పి, ఫాయిల్ తీసేసి, ఇటుకను రెండు మూడు వారాలు ఫ్యాన్ పెట్టి ఆరనివ్వండి. జనవరి, ఫిబ్రవరి అయితే మంచిది. విశాఖలో అప్పుడు గాలి కాస్త పొడిగా ఉంటుంది. ఈలోపు బయటి వైపు ప్లాస్టర్ పగుళ్లు మూయించి, నీటిని లోపలికి రానివ్వకుండా ఆవిరిని మాత్రం వదిలే సిలేన్-సిలోక్సేన్ రకం పూత వేయించండి. ఇటుక తడవకపోతే పొద్దుటి ఎండకు తోయడానికి లోపల ఏమీ ఉండదు. ఏసీ పైపు రంధ్రాన్ని రెండు వైపులా సీలెంట్‌తో పూర్తిగా నింపించండి. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ అంటే ఇదే, మిగతావి వాయిదా వేసినా ఇది మాత్రం ఈ వారమే చేయించండి.

తర్వాత థర్మోకోల్‌ను ఛానెళ్ల మధ్య ముక్కలుగా కాకుండా ప్లాస్టర్‌కి నేరుగా, ఖాళీ లేకుండా జిగురుతో అంటించి, జాయింట్లకు టేపు వేయించాలి. ఛానెళ్లు దాని మీద నుంచి, గది వైపు. అప్పుడు ఇనుము గోడను తాకదు. గోడలోకి దిగే బిగింపు స్క్రూలు కొన్ని తప్పవు, కానీ ఛానెల్ మొత్తం తాకడానికీ దీనికీ పోలిక లేదు. పైన ఫాయిల్ లేని జిప్సం బోర్డు, మామూలు ఎమల్షన్. ఆయిల్ పెయింట్, వాల్‌పేపర్ వద్దు. ఈ వరుసకు పై లెక్కే మళ్లీ వేశాను. థర్మోకోల్ వెనక ఇటుక తడిసి 35 డిగ్రీలకు చేరినా, పెయింట్ వెనక తేమ 60 శాతం దగ్గరే ఆగింది. అక్కడే వినైల్ వాల్‌పేపర్ పెడితే 100 దాటిపోయింది. రెండు మీటర్ల అడ్డుకూ 0.1 మీటరు అడ్డుకూ ఉన్న తేడా అంతా ఇదే.

శ్లాబుకు మాత్రం పని కింది వైపు నుంచి. అక్కడ తేమ ఉన్నది కిందే కాబట్టి ఆవిరిని ఆపే పొర కిందే ఉండాలి. నీరు పీల్చని గట్టి ఎక్స్‌పీఎస్ బోర్డు 25 మి.మీ. మందంలో, జిగురు మొత్తం పరిచి అంటించాలి. నాలుగు చుక్కలు పెట్టి అంటిస్తే వెనక గాలి దూరి మళ్లీ మొదటికొస్తుంది. దాంతో కింది ముఖం 30 డిగ్రీల దగ్గరికి వస్తుంది, తేమ 85 శాతానికి దిగుతుంది. పార్కింగ్ గాలిదే 80 కాబట్టి అంతకంటే పెద్దగా తగ్గదు, అందుకే బోర్డు మీద బూజు పట్టని పెయింట్ వేయించండి. బోర్డు మీ గది హద్దు దగ్గరే ఆపేయకండి. కాంక్రీటు పక్కలకు కూడా చల్లదనాన్ని మోసుకెళ్తుంది, కనీసం అడుగున్నర అవతలి దాకా, మధ్యలో వచ్చే బీముల పక్కల మీద కూడా చుట్టి వేయించాలి. లేకపోతే మరక పోదు, చుట్టూ ఫ్రేము కట్టినట్టు అంచుకు జరుగుతుంది.

పిల్లల ఏసీ సంగతి. గది 25లో ఉంటే మీ పాత ఫాయిల్ కూడా 26 దగ్గర ఉండేది, నీరు మూడో వంతుకు తగ్గేది, పూర్తిగా ఆగేది కాదు. కాబట్టి గొడవంతా పిల్లల మీద వేయకండి. బోర్డులు విప్పే దాకా మాత్రం 25లో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ వేసి, ఏసీ గాలి తూర్పు గోడ మీదికీ నేల మీదికీ నేరుగా కొట్టకుండా రెక్కలు పైకి తిప్పండి. ఆ ఆరంగుళాల చదరం కోయించిన రోజు ఫాయిల్ వెనక వైపు ఫొటో ఒకటి, ఛానెల్ అంచు ఫొటో ఒకటి పెట్టండి. తుప్పు ఛానెల్ పైదాకా ఉంటే ఫ్రేము మార్చాలి, కింద అడుగు మేరే ఉంటే ఆ ముక్క వరకే మారిస్తే సరిపోతుంది.